అద్దె కాగితం మీద సంతకానికి ముందు: అడ్వాన్సు, నోటీసు షరతులను అర్థం చేసుకునే తీరు

నెల్లూరు వేదాయపాళెంలో రెండు గదుల పోర్షను. అద్దె నెలకు 8,000, అడ్వాన్సు మూడు నెలలది, అంటే 24,000. జూన్ 1 నుంచి పదకొండు నెలల అగ్రిమెంటు. మొదటిసారి ఇల్లు తీసుకునే కుర్రాళ్లు అద్దె దగ్గర గట్టిగానే బేరమాడతారు, కాగితం మాత్రం చదవకుండా సంతకం పెట్టేస్తారు. ఆ 24,000 తిరిగి చేతికొచ్చేదీ రానిదీ తేల్చేది ఆ కాగితంలోని రెండు పేరాలే.

ముందు పదకొండు నెలలే ఎందుకో చూద్దాం. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలన్నది కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలోని మాట. ఆంధ్రప్రదేశ్ సవరణ ప్రకారం ఇక్కడ గడువుతో పని లేకుండా లీజులన్నీ రిజిస్టర్ చేయించాల్సినవే. అయినా ఆ ఖర్చూ తిరుగుడూ లేకుండా ఉండడానికి పదకొండు నెలలు రాయడం వాడుకైపోయింది. ఇది మామూలుగా కనబడేదే. గడువయ్యాక అదే ఇంట్లో ఉంటే మాత్రం కొత్త కాగితం రాయించుకుని, అందులో "పాత అడ్వాన్సు రూ. 24,000 ఇందులోనే జమ" అన్న ముక్క పెట్టించండి. ఆ ముక్క లేకపోతే అడ్వాన్సు సంగతి పాత కాగితంలోనే మిగిలిపోతుంది.

ఇక అడ్వాన్సు షరతు. సాధారణంగా ఇలా ఉంటుంది: "సదరు సెక్యూరిటీ డిపాజిట్ మొత్తమునకు ఎట్టి వడ్డీయు లేదు. రెండవ పార్టీ వారు గృహమును ఖాళీ చేసి స్వాధీనపరచిన పిమ్మట, బకాయిలు, నష్టములు మినహాయించుకొని మిగిలిన సొమ్మును వాపసు చేయవలయును."

రెండవ పార్టీ అంటే మీరు. మామూలు మాటల్లో: మీ డబ్బుకు వడ్డీ రాదు. ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఇచ్చాక, కట్టాల్సిన అద్దె, కరెంటు బిల్లు, మీరు పాడుచేసిన వస్తువుల ఖరీదు తీసుకుని మిగతాది ఇస్తారు. ఇందులో రెండు లోపాలున్నాయి. "పిమ్మట" అంటే ఎన్ని రోజులకో లేదు, "నష్టములు" అంటే ఏమిటో లేదు. గొడవలు పుట్టేది ఈ రెండు మాటల దగ్గరే.

గడువు రాయకపోతే "కొత్తగా దిగేవాళ్లు అడ్వాన్సు ఇచ్చాక మీది ఇస్తాం" అనే మాట వస్తుంది. పోర్షను మూడు నెలలు ఖాళీగా ఉంటే మీ డబ్బూ మూడు నెలలు ఆగుతుంది. అందుకే "పిమ్మట" పక్కన "ఏడు రోజులలోపు" అని చేర్చమనండి. సంతకానికి ముందైతే చాలామంది ఓనర్లు కాదనరు. తర్వాత అడిగితే వినరు.

నష్టం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వైపు వానలు ఇందులో కలుస్తాయి. జూన్‌లో గోడలు పొడిగా, తెల్లగా ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన పట్టుకుంటే, మిద్దె పైకప్పు బాగా లేని ఇళ్లలో గోడ పైభాగం చెమ్మెక్కుతుంది. పెయింటు పొక్కులు లేస్తుంది, వేలితో తాకితే పొడిలా రాలుతుంది. మార్చిలో ఖాళీ చేసేటప్పుడు ఓనరు దాన్ని చూపించి పెయింటు డబ్బులు పట్టుకుంటామంటారు. అది మీరు చేసిన నష్టం కాదు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు. పైనుంచి దిగిన నీళ్లు మీ వాడకం కిందికి అసలే రావు. విరిగిన వాష్‌బేసిన్, పగిలిన కిటికీ అద్దం మాత్రం మీ లెక్కలోవే. "ఖాళీ చేయునపుడు పెయింటింగ్ నిమిత్తం ఒక నెల అద్దె మినహాయించబడును" అన్న వాక్యం ఉందేమో వెతకండి. ఉంటే అది మీరు ఒప్పుకున్న షరతు అవుతుంది. వద్దనుకుంటే ఆరోజే కొట్టేయించి, పక్కన ఇద్దరూ సంతకం పెట్టండి.

దిగిన రోజు సామాను దించకముందే ప్రతి గది నాలుగు మూలలూ, పైకప్పూ, కుళాయిలూ, మీటరు రీడింగూ ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. మీ ఫోన్‌లో ఉంచుకుంటే చాలదు. పంపితే తేదీ పడుతుంది, వాళ్లు చూసినట్టూ ఉంటుంది. వానల్లో చెమ్మ కనపడగానే ఆ ఫొటో కూడా అదే రోజు పంపండి. డబ్బు ఇచ్చేటప్పుడు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో ఓనరు ఖాతాకే వేసి, నోట్‌లో "అడ్వాన్సు" అని రాయండి. బ్రోకరు చేతికి నగదు వద్దు.

రెండోది నోటీసు. "ఇరుపార్టీలలో ఎవరైనను ఒక నెల ముందుగా లిఖితపూర్వక నోటీసు ఇచ్చి..." అంటే, మీరు వెళ్లాలన్నా, వాళ్లు పంపాలన్నా నెల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. "ఎవరైనను" అన్న మాట ఉందో లేదో చూడండి. కొన్ని కాగితాల్లో మీకు రెండు నెలలు, వాళ్లకు పదిహేను రోజులు రాసి ఉంటుంది. నోటీసు ఊసే లేకపోతే, నెలనెలా అద్దె ఇళ్లకు చట్టం చెప్పేది పదిహేను రోజులు. "మొదటి ఆరు నెలలు ఖాళీ చేయరాదు" అన్న లాకిన్ షరతు వేరే పేరాలో దాక్కుని ఉండొచ్చు. అదీ వెతకండి.

నోటి మాట నోటీసు కాదు. మెట్ల దగ్గర కనబడి "అన్నా, వచ్చే నెల ఖాళీ చేస్తున్నా" అంటే, గొడవొచ్చిన రోజున ఆ మాట అన్నట్టు ఆధారం ఉండదు. తెల్లకాగితం మీద తేదీ, ఇంటి చిరునామా, ఖాళీ చేసే తేదీ రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద "అందింది" అని సంతకం తీసుకోండి. పెట్టనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ నోటీసు ఫొటో వాట్సాప్‌లో పంపింది దానికి తోడుగా ఉండాలి.

లెక్క ఎలా వస్తుందో చూడండి. మార్చి 12న నోటీసు అందింది, నెల గడువు ఏప్రిల్ 12తో తీరుతుంది. మార్చి అద్దె కట్టేశారు, మార్చి 31న ఖాళీ చేశారు. నోటీసులో తక్కువ పడినవి పన్నెండు రోజులు. 8,000ను ముప్ఫైతో భాగించి పన్నెండుతో గుణిస్తే 3,200. చివరి కరెంటు బిల్లు 640, మీ చేతిలో విరిగిన కుళాయి 450. ఇవన్నీ పోను 24,000లో రావాల్సింది 19,710. ఓనరు ఏప్రిల్ అద్దె మొత్తం 8,000 కావాలంటే, కాగితంలో "నోటీసు నెలాఖరుతో ముగియవలెను" అని ఉందేమో చూడండి. ఉంటే ఆ మాటకు బలం ఉంది. లేకపోతే ఆ పన్నెండు రోజులదే.

చివరి రెండు నెలల అద్దె ఆపేసి "అడ్వాన్సులో పట్టుకోండి" అనడం చాలామంది చేసే పని. "డిపాజిట్‌ను అద్దె క్రింద సర్దుబాటు చేయరాదు" అని కాగితంలో ఉంటే మీరే షరతు తప్పినవాళ్లవుతారు, ఆపైన జరిగే లెక్కలో మీ మాట చెల్లదు. ఓనరు వాట్సాప్‌లో సరే అని రాస్తేనే ఆపండి.

ఖాళీ చేసే రోజు గదులన్నీ ఓనరుతో కలిసి తిరిగి చూసి, మీటరు రీడింగు ఫొటో తీసి, లెక్క ఒక కాగితం మీద వేసి ఇద్దరూ సంతకం చేయండి. తాళాలు ఇచ్చేది అప్పుడు. డబ్బు తర్వాత ఇస్తామంటే ఆ తేదీ కూడా అందులోనే రాయించండి. తేదీ దాటితే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. దానికి కోర్టు ఫీజు ఉండదు. అగ్రిమెంటు, అడ్వాన్సు చెల్లింపు స్క్రీన్‌షాట్, నోటీసు రసీదు, సంతకాల లెక్క కాగితం, ఈ నాలుగూ వెంట తీసుకెళ్లండి.