రెండో అర్రే లేకుండా రెండు సార్టెడ్ జాబితాలను కలపడం: ఎక్కడ చెడుతుంది, ఎట్లా సరిచేయాలి

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు గేటు కాడ, వడ్ల ట్రాక్టర్లకు వరుస చూపించే చిన్న డబ్బా ఒకటి చేసిచ్చాను. లోపల ఉన్నది ఆర్డ్వినో ఊనో R3 బోర్డు. బండి రాగానే టోకెన్ నంబరు, తేమ శాతం రెండూ అందులోకి ఎక్కుతాయి. తేమను పది రెట్లు చేసి పెడతాను, అంటే 15.5 శాతం ఉంటే 155. తేమ తక్కువున్న వడ్లు ముందు దిగుతాయి, పచ్చివి ఆరబోతకు ఆగుతాయి.

యాసంగి కోతలు ముదిరినప్పుడు నిన్నటి బండ్లే 175 దాకా మిగిలిపోతాయి, ఇవాళ వచ్చినవి ఇంకో 175. రెండు జాబితాలూ తేమ ప్రకారం వేర్వేరుగా సార్ట్ అయ్యే ఉన్నాయి, ఒకే అర్రేలో పక్కపక్కన. రాత్రి గేటు మూసేటప్పుడు రెండింటినీ కలిపి ఒకే వరుస చేయాలి. ఈ ఒక్క పనిలో నాకు ఎదురైన తిప్పలు ఎదురైన వరుసలోనే రాస్తున్నాను.

సమస్య: జాబితా చివర్లో పిచ్చి టోకెన్ నంబర్లు

కలపకముందు అన్నీ సరిగ్గా ఉండేవి. కలిపాక చివరి పది పదిహేను బండ్లకు 48211 లాంటి టోకెన్లు కనిపించాయి. అంత పెద్ద నంబరు మిల్లులో ఎప్పుడూ ఇవ్వలేదు. ఒక్కోసారి బోర్డు తనంతట తానే రీస్టార్ట్ అయ్యేది.

కారణం: ఊనోలో మొత్తం ర్యామ్ 2048 బైట్లు. ఒక్కో రికార్డుకు 4 బైట్లు, 350 రికార్డులకు 1400. డిస్‌ప్లేకు, సీరియల్‌కు పోయేది పోగా నాకు మిగిలింది సుమారు 450. మామూలు మర్జ్‌లో సగం జాబితాను పక్కన కాపీ చేసుకోవాలి, దానికి 700 బైట్లు కావాలి. ఆ అర్రేను ఫంక్షన్ లోపల పెట్టాను కాబట్టి అది స్టాక్ మీద పడింది. స్టాక్ పైనుంచి కిందికి పెరుగుతుంది కదా, దిగుతూ దిగుతూ అసలు జాబితా తోక మీదనే కూర్చుంది. ఈ చిప్పులో అడ్డుచెప్పేవాళ్లు ఎవరూ లేరు, ఎర్రర్ కూడా రాదు.

పరిష్కారం: పక్క అర్రే అసలే వద్దు. పెద్ద సగాన్ని మధ్యలో కోయాలి. ఆ కోత దగ్గరున్న తేమ విలువ రెండో సగంలో ఎక్కడ ఇముడుతుందో బైనరీ సెర్చ్‌తో వెతికి, అక్కడ రెండో కోత పెట్టాలి. ఇక రెండు కోతల నడుమ ఉన్న ముక్కలు రెండూ ఒకదాని చోటులోకి ఒకటి మారితే, చిన్నవన్నీ ఎడమకు, పెద్దవన్నీ కుడికి చేరతాయి. ఎడమ భాగం ఒక చిన్న మర్జ్, కుడి భాగం ఇంకో చిన్న మర్జ్. ఇట్లా చోట్లు మార్చడమే రొటేషన్. మొదటి ముక్కను తిరగేసి, రెండో ముక్కను తిరగేసి, మొత్తాన్ని ఇంకోసారి తిరగేస్తే అయిపోతుంది. దానికి ఒక్క రికార్డు పట్టే చోటు చాలు.

```c
void merge(Rec *a, int lo, int mid, int hi) {
  int n1 = mid - lo, n2 = hi - mid, c1, c2;
  if (n1 == 0 || n2 == 0) return;
  if (n1 + n2 == 2) {
    if (a[mid].m < a[lo].m) swap(a, lo, mid);
    return;
  }
  if (n1 >= n2) {
    c1 = lo + n1 / 2;
    c2 = lower(a, mid, hi, a[c1].m);
  } else {
    c2 = mid + n2 / 2;
    c1 = upper(a, lo, mid, a[c2].m);
  }
  rotate(a, c1, mid, c2);
  int nm = c1 + (c2 - mid);
  merge(a, lo, c1, nm);
  merge(a, nm, c2, hi);
}
```

ఇందులో `lower` అంటే ఇచ్చిన విలువ కంటే తక్కువ కానిది మొదట ఎక్కడుందో చెప్పేది. `upper` అంటే దానికంటే ఎక్కువైనది మొదట ఎక్కడుందో చెప్పేది. ఈ తేడా గుర్తుంచుకోండి, దాని వల్లే నాకు మిల్లు దాకా వెళ్లాల్సి వచ్చింది.

సమస్య: కలపడం మొదలవుతుంది, ఎప్పటికీ పూర్తికాదు

ఇది మొత్తం రెండు రికార్డులే మిగిలినప్పటి సంగతి. పై కోడ్‌లో `n1 + n2 == 2` అనే ముక్క "అదనపు తలనొప్పి" అనుకొని మొదట నేనే తీసేశాను. అప్పుడు ఏమవుతుందంటే, ఎడమ ఒకటి, కుడి ఒకటి ఉన్నప్పుడు ఎడమ సగం మధ్య అంటే దాని మొదలే. కుడిది పెద్దదైతే రెండో కోత కూడా దాని మొదలు దగ్గరే పడుతుంది. తిప్పడానికి ఏమీ ఉండదు, మళ్లీ అవే హద్దులతో అదే ఫంక్షన్ పిలుస్తుంది. తమాషా ఏమిటంటే, తారుమారుగా ఉన్న జంటలు చక్కగా సర్దుకుంటాయి, ముందే సరిగ్గా ఉన్న జంట దగ్గరే వేలాడుతుంది. అందుకే టెస్టుకు తలకిందుల జాబితా ఒక్కటే ఇస్తే ఇది బయటపడదు, ముందే వరుసలో ఉన్న జాబితా కూడా ఇచ్చి చూడండి.

సమస్య: తేమ వరుస సరిగ్గానే ఉంది, రైతులు మాత్రం కొట్లాటకు వస్తున్నారు

గేటు దగ్గరి నుంచి ఫోన్. "సార్, నేను నిన్ననే వచ్చిన. నా తేమ పదిహేనున్నర, ఈయనదీ పదిహేనున్నరే. ఇయ్యాల వచ్చినాయన బండి నాకంటె ముందెట్ల పోతది?" న్యాయమైన మాటే. తేమ సమానమైతే ముందు వచ్చినవారే ముందు ఉండాలి. నా స్క్రీన్ మీద మాత్రం 155, 155, 155 వరుసగా ఉన్నాయి, తప్పేమీ కనిపించలేదు. టోకెన్ నంబర్లు పక్కన పెట్టి చూస్తే గానీ విషయం తేలలేదు.

ఏడు బండ్లతో చూద్దాం. నిన్నటివి 142, 155, 155, 171. ఇవాళ్టివి 138, 155, 160. ఎడమ సగం పెద్దది కాబట్టి దాని మధ్యన, అంటే రెండో 155 ముందు మొదటి కోత. కుడి సగంలో 155 కంటే తక్కువైనది 138 ఒక్కటే, దాని తర్వాత రెండో కోత. రెండు కోతల నడుమ ఉన్నవి ఇవి:

```
155 171 | 138
```

మొదటి ముక్క తిరగేస్తే 171 155, రెండోది ఒక్కటే కాబట్టి అట్లాగే ఉంటుంది. మొత్తం తిరగేస్తే 138 155 171. ఇప్పుడు అర్రే:

```
142 155 138 | 155 171 155 160
```

గీతకు ఎడమన ఉన్నవన్నీ కుడివాటి కంటే పెద్దవి కావు. ఎడమ మూడింటిలో నిన్నటి 155 కదిలి 138 ముందుకొచ్చి, తర్వాత 142తో ఒక మార్పిడి జరిగి 138, 142, 155 అవుతాయి. కుడి నాలుగింటిలో 171 ముందు కోత, దానికంటే తక్కువైన 155, 160 రెండూ దాటి వస్తాయి. చివరికి 138, 142, 155, 155, 155, 160, 171. మూడు 155లలో మొదటి రెండు నిన్నటివి, మూడోది ఇవాళ్టిది. రైతు అడిగింది ఇదే.

నేను చేసిన తప్పు రెండు చోట్లా `upper` వాడటం. మొదటి అడుగులోనే చూడండి. కుడి సగంలో 155 కంటే ఎక్కువైనది 160, అంటే రెండో కోత ఇవాళ్టి 155 తర్వాత పడుతుంది. 138తో పాటు ఆ బండి కూడా నిన్నటి రెండో 155ను దాటేసింది. ఎడమ ముక్కలో అదే తప్పు మళ్లీ జరిగి మొదటి 155ను కూడా దాటింది. ఆలస్యంగా వచ్చిన బండి ఇద్దరికంటే ముందు నిలబడింది.

పరిష్కారం చిన్నదే. కోత విలువ ఎడమ నుంచి తీస్తే కుడిలో `lower`, కుడి నుంచి తీస్తే ఎడమలో `upper`. అంటే సమానమైనవి ఎప్పుడూ ఎడమవి ఎడమనే ఉంటాయి. పట్టుకోవడానికి నేను వాడే టెస్టు: అన్ని బండ్లకూ ఒకే తేమ ఇచ్చి కలపండి. టోకెన్లు ఎట్లా ఇచ్చామో అట్లాగే రావాలి. ఒక్కటి కదిలినా పొరపాటు `lower`, `upper`ల దగ్గరే ఉంది.

సమస్య: అర్రే తీసేసినా పిచ్చి నంబర్లు మళ్లీ వచ్చాయి

ఎప్పుడో ఒకసారి మాత్రమే. ఈసారి కారణం రికర్షన్ లోతు. ప్రతి కోతలో పెద్ద సగంలో సగం మాత్రం తప్పకుండా వేరవుతుంది, అంటే ఒక్కో మెట్టుకు కనీసం పావు వంతు తగ్గుతుంది. మిగతా మూడు పావులూ ఒకే వైపు పోయే అవకాశం ఉంది. అట్లా 350 బండ్లు ఒకటి దాకా రావడానికి చెడ్డ రోజున 20 మెట్లు పట్టొచ్చు. ఒక్కో పిలుపుకు సుమారు 30 బైట్ల స్టాక్ అనుకుంటే 600 బైట్లు. నా దగ్గరున్నవి 450.

రెండు పిలుపుల్లో చిన్న భాగానికి మాత్రమే ఫంక్షన్‌ను పిలిచి, పెద్ద భాగాన్ని లూప్‌లోనే కొనసాగించాలి. చివరి రెండు లైన్లు పోయి ఇది వస్తుంది, పైన మొత్తం ఒక `for (;;)` లోపలికి వెళ్తుంది:

```c
if (nm - lo < hi - nm) {
  merge(a, lo, c1, nm);
  lo = nm; mid = c2;
} else {
  merge(a, nm, c2, hi);
  hi = nm; mid = c1;
}
```

చిన్న భాగం ఎప్పుడూ సగానికి మించదు, కాబట్టి లోతు తొమ్మిది మెట్ల లోపే ఆగుతుంది. స్టాక్ 270 బైట్లు. అప్పటి నుంచి పిచ్చి నంబరు ఒక్కటీ రాలేదు.

సమస్య: నెమ్మదిగా ఉంది

ముందు ఇది ఒప్పుకోవాలి: ర్యామ్ మిగిల్చినందుకు కట్టే వెల సమయమే. పక్క అర్రే ఉంటే 175 కాపీ, 350 రాత, అక్కడికి అయిపోతుంది. రొటేషన్లతో ఒక్కో మెట్టులో 350 రికార్డుల దాకా కదలొచ్చు, ఒక్కోటీ రెండుసార్లు. తొమ్మిది మెట్లు అనుకుంటే ఆరు వేల పైచిలుకు రాతలు. బోర్డుకు అది లెక్కలోది కాదు, కంటికి తెలియదు.

నిజంగా నెమ్మదిగా కనిపిస్తే మీరు రొటేషన్ బదులు ఒక్కో బండినీ తీసి, దాని చోటు దాకా మిగతావాటిని జరుపుతున్నారేమో చూడండి. ఇవాళ్టివన్నీ నిన్నటివాటి కంటే ఎండినవైతే 175 × 175, అంటే 30,625 జరుపుళ్లు. అదే సందర్భంలో రొటేషన్ పద్ధతి పెద్ద ముక్కలను ఒకేసారి దాటిస్తుంది. ఇంకో మాట: ఎడమ చివరిది కుడి మొదటిదానికి మించకపోతే కలపాల్సిందే లేదు, ఫంక్షన్ మొదట్లో ఆ ఒక్క పోలిక పెట్టండి.

ల్యాప్‌టాప్ మీద మెమరీ దండిగా ఉన్నప్పుడు ఈ పద్ధతికి పోవద్దు. సీ ప్లస్ ప్లస్‌లో `std::inplace_merge` కూడా ముందు బఫర్ అడుగుతుంది, దొరకకపోతేనే ఇట్లా తిప్పుకుంటుంది. గో భాషలో `sort.Stable` మాత్రం బఫర్ లేకుండా ఇలాంటి మర్జ్‌తోనే నడుస్తుంది, స్వాపులు ఎక్కువైనా సరేనని.

మా తమ్ముడు ఒకడు ఈ కోడ్ చూసి, "అన్నా, కరెంటు పోయినా ఉండేటట్లు జాబితాను EEPROM లోనే పెట్టి అక్కడే కలుపుదాం" అన్నాడు. వద్దన్నాను. ఆ చిప్పులో ఒక బైటు రాయడానికే 3 మిల్లీసెకండ్ల పైన పడుతుంది. అందులో పట్టేదే 1024 బైట్లు, 350 రికార్డులు ఎక్కవు. 200 బండ్లే అనుకున్నా మూడు వేల పైన రికార్డు రాతలు, ఒక్కోటి 4 బైట్లు, అంటే సుమారు 40 సెకండ్లు. పైగా ఒక్కో బైటుకు లక్ష రాతల హామీయే ఉంటుంది, రొటేషన్ అదే చోటును పదే పదే గీకుతుంది. ర్యామ్‌లో కలిపి, వచ్చిన వరుసలో టోకెన్ నంబర్లను మాత్రం ఒక్కసారి EEPROM లోకి దించమన్నాను. ఇప్పుడు అట్లాగే నడుస్తోంది.