పక్కన మంచం, చేతిలో సూది – 3వ పాఠం: జాన లెక్కన ఫాల్ కుట్టడం

పోయిన పాఠంలో ఫాల్ గుడ్డను నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి పెట్టుకోమన్నాను. ఆ పని కానివాళ్ళు ముందు అది చేసుకుని రండి. నానబెట్టని నూలు ఫాల్ మొదటి ఉతుకులో కుంచించుకుపోయి చీర అంచును లాగేస్తుంది. అప్పుడు చీర ఇచ్చినావిడ తిట్టేది మిమ్మల్నే.

మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి రెండేళ్ళవుతోంది. తిరుపతి కొర్లగుంటలో మాది రెండు గదుల ఇల్లు. రెండు గంటలకోసారి ఆమెను పక్కకు తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. తిన్నాక అరగంట సేపైనా దిండ్లు పెట్టి కూర్చోబెట్టాలి, వెంటనే పడుకోబెడితే తిన్నది గొంతులోకి ఎగదన్ని పొలమారుతుంది. ఆ అరగంటలో నేను పక్కనే ఉండాలి, కానీ నా చేతులు ఖాళీ. ఫాల్ పని నాకు అక్కడే కుదిరింది. మిషను చప్పుడుకు ఆమె ఉలిక్కిపడుతుంది, కాబట్టి పనంతా చేతికుట్టే. పీకో మాత్రం నాకు చీరలిచ్చే షాపువాళ్ళే వేసుకుంటారు.

ఈ పనిలో మధ్యలో ఆపితే చెడిపోయే ముక్క ఒకటే ఉంది, ఫాల్‌ను చీర మీద అమర్చి నిలబెట్టడం. దానికి అరగంట పడుతుంది. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడో, అత్తమ్మ మధ్యాహ్నం నిద్రపోయినప్పుడో అది పూర్తి చేయండి. మిగతాదంతా ఎప్పుడు పిలిస్తే అప్పుడు లేచిపోగలిగిన పనే.

అమర్చడంలో మొదటి చిక్కు ఫాల్ ఏ అంచుకు వేయాలన్నది. రెండు వైపులా ఒకే బార్డరున్న చీరలో ఇది తెలియదు. నేను మొదటి చీరకే తప్పు అంచుకు వేసి, మొత్తం విప్పి మళ్ళీ కుట్టాను. గుర్తు పెట్టుకోవడం తేలికే. చీర మంచి వైపు పైకి ఉండేలా చాప మీద పరవండి. నడుములో దోపుకునే కొన మీ ఎడమ చేతి వైపు, కొంగు కుడి చేతి వైపు ఉండాలి. అప్పుడు మీ ఒడి వైపున్న అంచే కాళ్ళ దగ్గరికి వచ్చేది. చీరను తిరగేయకముందే ఆ అంచుకు ఒక పిన్నీసు పెట్టండి. తిరగేశాక కుడి ఎడమలు మారిపోతాయి, అప్పుడు ఆలోచిస్తే బుర్ర తిరుగుతుంది.

ఇప్పుడు చీర వెనక వైపు, దోపుకునే కొన నుంచి ఒక జాన వదిలి ఫాల్ మొదలుపెట్టండి. ఫాల్ రెండు చివర్లనూ అర అంగుళం లోపలికి మడవాలి. ఫాల్ అంచు చీర అంచుకు సరిగ్గా సమంగా కాకుండా బియ్యపుగింజ సగమంత లోపలికి ఉండాలి, లేకపోతే కుచ్చిళ్ళు నడుస్తున్నప్పుడు కింద నుంచి తొంగిచూస్తుంది. పొడుగు కుట్లు వదులుగా వేసుకుంటూ పోయి ఫాల్ మొత్తాన్ని నిలబెట్టండి. గుండుసూదులు వద్దు, అవి జారి పక్క మీద పడితే ఏ నడుముకో గుచ్చుకుంటాయి. అత్తమ్మకు ఎడమ వైపు స్పర్శ లేదు, గుచ్చుకున్నా చెప్పలేదు.

ఇక అసలు కుట్టు. మామూలు ఫాల్ రెండుముప్పావు మీటర్లుంటుంది, నా జానకు పన్నెండు జానలు. కింది అంచు పన్నెండు, పై అంచు పన్నెండు, మొత్తం ఇరవై నాలుగు. చీర రంగు దారం, ఒంటి పోగు, చేతి పొడవుకు మించకుండా తీసుకోండి. కింది అంచు ముందు. ఫాల్ మడతలోంచి సూది తెచ్చి చీరలో ఒకటి రెండు పోగులు మాత్రమే ఎత్తి మళ్ళీ ఫాల్‌లోకి పోవాలి. చీర మీద ఎక్కువ పోగులు పట్టుకుంటే మంచి వైపు చుక్కలు కనిపిస్తాయి. జాన పూర్తవగానే ఫాల్ గుడ్డ మీదే, చీర మీద కాదు, ఒకే చోట రెండు కుట్లు వేసి బిగించండి. ఇది ముడితో సమానం. ఇక్కడ దాకా కుట్టింది ఇక కదలదు.

ఈ రెండు కుట్లు ఎందుకంటారా? మొదట్లో నేను పిలుపు రాగానే ఎక్కడిదక్కడ వదిలేసి లేచేదాన్ని. చీర పక్కకు జరిపినప్పుడు వేలాడే దారం లాక్కుపోయి, వచ్చి చూస్తే బెత్తెడు మేర అంచు గాజుల సంచి మూతిలా ముడుచుకుపోయి ఉండేది. తెలియక దాని మీదే కొనసాగిస్తే తర్వాత ఇస్త్రీకి కూడా పోదు. కాబట్టి ప్రతి మూడు నాలుగు జానలకోసారి చీరను తిప్పి మంచి వైపు కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి. గీతలా నీడ పడితే దారం బిగిసిందని అర్థం, ఆ జాన వరకే విప్పితే చాలు.

పిలుపు జాన మధ్యలో వచ్చినా లేవాల్సిందే. లేచేముందు సూదిని సబ్బు డబ్బాలో అతికించిన స్పాంజి ముక్కకు గుచ్చి మూత పెట్టండి. దారం కాస్త బయటికి ఉంటుంది, పర్లేదు. నా దగ్గర ఎప్పుడూ మూడే సూదులు. రాత్రి మూడూ లెక్కకు వచ్చాకే లైటు ఆపుతాను. చీరను ఉతికిన పాత దుప్పటిలో చుట్టి కుర్చీ మీద పెడతాను, మంచం మీద ఎప్పుడూ కాదు. తిరిగి వచ్చి సబ్బుతో చేతులు కడిగి బాగా తుడుచుకున్నాకే ముట్టుకుంటాను. తడి చేయి పట్టు మీద పడితే మరక నిలుస్తుంది.

పోయిన వారం వచ్చిన వెంకటగిరి నూలు చీర లెక్క చెబుతాను. సోమవారం మధ్యాహ్నం అమర్చాను. మంగళవారం పొద్దున టిఫిన్ తర్వాత నాలుగు జానలు, మధ్యాహ్నం అన్నం తర్వాత నాలుగు, సాయంత్రం ఒకటి, మొత్తం తొమ్మిది. బుధవారం అత్తమ్మకు జ్వరం, మూడే అయ్యాయి. గురువారం ఏడు, శుక్రవారం పొద్దున మిగిలిన ఐదు. ఆ తర్వాత పొడుగు కుట్లు లాగేసి ఇస్త్రీ చేశాను. జానకు ఐదారు నిమిషాలు, అంటే ఇరవై నాలుగు జానలకు రెండున్నర గంటల లోపు. కానీ చేతికి వచ్చింది ఐదో రోజున.

షాపులో మాట ఇచ్చేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి. గంటలు లెక్కేసి "రేపు ఇస్తా" అన్నారో, ఒక జ్వరంతో ఆ మాట పోతుంది. నేను రోజుకు నాలుగు జానలే అవుతాయని అనుకుని, చీరకు ఆరు రోజులు అడుగుతాను. షాపులో ఉండే అమ్మాయి మొదట మూతి ముడిచింది. "అక్కా, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆరు రోజులు ఎవరు ఆగుతారు?" అంది. నిజమే, ముహూర్తాల చీరలు నాకు ఇవ్వొద్దని నేనే చెప్పాను. ఇప్పుడు తొందర లేని రోజువారీ చీరలు పక్కన పెట్టి ఉంచుతుంది.

నాకు చీరకు అరవై రూపాయలు ముడుతుంది, ఫాల్, దారం షాపువే. కుట్టిన గంటలే లెక్కేస్తే గంటకు పాతిక రూపాయలు. తక్కువే, దాచడమెందుకు. అరవైకి అత్తమ్మ డైపర్లు రెండు వస్తాయి, అంతే. మందుల ఖర్చుకు దీన్ని నమ్ముకోవద్దు. ఇదే అరగంటల్లో ఇంతకు రెండింతలు తెచ్చే పని కొంగు కుచ్చులు, కానీ ఫాల్‌లో చెయ్యి నిలకడ రాకుండా అవి ఒప్పుకుంటే పట్టు చీర పాడవుతుంది.

వచ్చే పాఠం లోపు ఒక పాత నూలు చీర తీసుకుని ఆరు జానలు కుట్టండి. ప్రతి జాన దగ్గర కావాలనే లేచి వెళ్ళి, కాసేపాగి వచ్చి మొదలుపెట్టండి. చివర మంచి వైపు తిప్పి చూస్తే, ఎక్కడెక్కడ లేచారో కనిపెట్టగలుగుతున్నారా? కనిపెట్టగలిగితే ఇంకో ఆరు జానలు కుట్టండి. కనిపెట్టలేకపోతే, నాలుగో పాఠానికి కుచ్చులకు నాలుగు రీళ్ళ పట్టు దారం, ఒక అట్టముక్క సిద్ధం చేసుకోండి.