కొట్టు తాళాలు తీసుకునే ముందు: ఏటా 5 శాతం పెంపు గురించి మీరు చూసుకోవలసినవి

తమ్ముడూ, మీరు పాలకొల్లులో మా కొట్టు చూసుకుని, ఎరువులు పురుగుమందుల వ్యాపారం పెడతానని చెప్పి వెళ్ళాక కాగితం రాయించడానికి కూర్చున్నాను. "అద్దె నెలకు 12,000, ఏటా 5 శాతం పెంపు" అని మనం అనుకున్నాం, మీరూ సరేనన్నారు. కానీ ఆ ఒక్క లైను మీద సంతకం పెట్టేస్తే ఇద్దరం తర్వాత ఇబ్బంది పడతాం. అందుకే ఇదంతా ముందే రాసి పంపుతున్నాను, నిదానంగా చదవండి.

ముందు 5 శాతం దేని మీద అన్నది చూడండి. మొదటి అద్దె మీదే లెక్కేస్తే ఏటా సరిగ్గా 600 పెరుగుతుంది. నేను రాయించేది అలా కాదు, ముందు ఏడాది కట్టిన అద్దె మీద. అంటే 12,000 తర్వాత 12,600, దాని మీద 5 శాతం వేస్తే 13,230, తర్వాత 13,890, ఆ తర్వాత 14,580 (చిల్లర లేకుండా దగ్గరి పదికి సరిచేశాను). మొదటి పద్ధతిలో అయితే చివరి అంకె 14,400. కింద చెప్పబోయే పెంపు తేదీల ప్రకారం అయిదేళ్ళ గడువు మొత్తానికి ఈ రెండు పద్ధతులకీ తేడా మీకు 2,340 రూపాయలే, దాని గురించి పెద్దగా పట్టు పట్టక్కర్లేదు. అసలు చూసుకోవలసింది శాతం. ఇదే కొట్టుకి ఎవరైనా 10 శాతం రాయించుకుని ఉంటే చివరి అద్దె 17,570 అయ్యేది, అంటే నెలకి దాదాపు 3,000 ఎక్కువ. రేపు మీరు గోడౌను ఇంకెక్కడైనా తీసుకున్నా ముందు చివరి ఏడాది అద్దె ఎంతవుతుందో లెక్కేసుకుని అప్పుడు బేరమాడండి, మొదటి ఏడాది అంకె చూసి మురిసిపోవద్దు.

కాగితంలో శాతంతో పాటు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎంత అద్దో అంకెల్లో పట్టీ వేయించాను. శాతం ఒక్కటే ఉంటే నేనొకలా, మీరొకలా లెక్కేస్తాం. పట్టీ ఉంటే వాదన ఉండదు.

తేదీ గురించి మీతో ఫోన్లో చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. మీరు దిగేది 2026 జూన్ 1న కాబట్టి మామూలుగా అయితే పెంపు కూడా ప్రతి జూన్ 1నే పడాలి. కానీ మీ వ్యాపారానికి అది మంచి నెల కాదు. కాలువలకి నీళ్ళు వదిలే రోజులు, సార్వాకి రైతులు విత్తనమూ యూరియా అంతా అరువు మీద పట్టుకెళ్ళే రోజులు, మీ డబ్బంతా చేల్లో ఉంటుంది, గల్లాపెట్టెలో ఉండదు. కోతలయ్యి సంక్రాంతి ముందు బాకీలు వసూలయ్యేటప్పుడు 600 పెరిగితే మీకు తెలియను కూడా తెలియదు. అందుకని పెంపు తేదీ జనవరి 1 అని పెట్టాను. మొదటి అద్దె 12,000 అలాగే 2027 డిసెంబరు 31 దాకా నడుస్తుంది, 2028 జనవరి నుంచి 12,600, అలా 2031 మే నెలాఖరు దాకా. నాకు ప్రతి పెంపూ ఏడు నెలలు ఆలస్యమవుతుంది, అయినా పరవాలేదు. జూన్, జూలైల్లో అద్దె కోసం మీ గుమ్మం ముందు నిలబడటం నాకిష్టం లేదండి.

ఇప్పుడు 11 నెలల కాగితం సంగతి. మీ బావగారు "రిజిస్ట్రేషన్ ఖర్చెందుకు, 11 నెలలకి రాసుకుందాం, అందులోనే ఏటా 5 శాతం అని పెడదాం" అన్నారు. ఆయన మంచికే అన్నారు గానీ, 11 నెలలకే గడువు తీరిపోయే కాగితంలో ఏడాది తర్వాతి పెంపు ఎలా నిలబడుతుంది? పన్నెండో నెల వచ్చేసరికి ఆ కాగితమే ఉండదు. అప్పుడు నేను 5 బదులు 15 శాతం అడిగినా మీకు చూపించడానికేమీ ఉండదు, మీరు పైసా పెంచనన్నా నా చేతిలో ఏమీ ఉండదు. ఏడాది దాటిన గడువుకి లీజు రిజిస్టర్ చేయించి తీరాలి, చేయించకపోతే పేచీ వచ్చినప్పుడు అందులోని షరతులు కోర్టులో సాక్ష్యంగా చెల్లవు. కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అయిదేళ్ళకీ రిజిస్టర్ చేయిద్దాం, ఖర్చు చెరి సగం. ర్యాకులకీ బోర్డుకీ లైసెన్సుకీ అంత డబ్బు పెడుతున్నవాళ్ళు ఈ ఒక్కచోట మిగుల్చుకోవద్దు.

ఇంకొకటి, ఇది నా అనుభవం. మీ ముందు ఇందులో బట్టల కొట్టు ఉండేది. అద్దె 8,000, ఏటా 5 శాతం అని రాసుకున్నాం. రెండో ఏడు మా ఇంట్లో పెళ్ళి, ఆ హడావుడిలో నేను పెంపు అడగలేదు, ఆయన ఇవ్వలేదు. మూడో ఏడూ అలాగే గడిచింది. చివర్లో కూర్చుని లెక్కేస్తే రెండో ఏడాదికి నెలకి 400 చొప్పున 4,800, మూడో ఏడాదికి నెలకి 820 చొప్పున 9,840, మొత్తం 14,640 బాకీ తేలింది. "మీరే అడగలేదు, పాత అద్దెకే రసీదులిచ్చారు, ఒప్పుకున్నట్టే కదా" అన్నారాయన. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. సగం వదిలేసుకున్నాను, కానీ అంతకుముందు ఎదురుపడితే నవ్వుతూ పలకరించుకునేవాళ్ళం, ఆ పలకరింపు పోయింది.

అందుకని మీ కాగితంలో పెంపు దానంతటదే వర్తిస్తుందని రాయించాను. నేను ఉత్తరం రాయాలనీ, ఫోన్ చేసి గుర్తు చేయాలనీ లేదు. అయినా డిసెంబరులో ఒక మెసేజ్ పెడతాను. మీరు బ్యాంకులో నెలనెలా దానంతటదే వెళ్ళేలా పెట్టుకుంటే జనవరిలో ఆ అంకె మార్చడం మర్చిపోవద్దు, అది పాత అద్దే పంపుతూ పోతుంది, మీకు కట్టేశామనే ధీమా ఉంటుంది. ప్రతి రసీదు మీద ఏ నెలకి, ఎంత అని రాస్తాను. ఎప్పుడైనా పంటలు పోయి వసూళ్ళు లేవు, ఈ ఏడు పెంచలేనంటే నాతో చెప్పండి, మాట్లాడుకుందాం, కానీ ఆ ఏడాది పెంపు మానేశామా, వాయిదా వేశామా అన్నది అప్పుడే కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాలి. నోటిమాట వద్దు.

5 శాతం అద్దెకి మాత్రమే. కరెంటు మీ మీటరు ప్రకారం మీరు కట్టుకుంటారు, ఇంటిపన్ను నాది. వర్షాలకి వీధిలోకి నీళ్ళొచ్చి నాలుగు రోజులు కొట్టు తీయలేకపోతే ఆ రోజుల అద్దె తగ్గించడం వేరే మాట, పెంపు తేదీ మాత్రం మారదు.

అడ్వాన్సు మూడు నెలలది, 36,000. అద్దెతో పాటు అది పెరగదు, మధ్యలో ఇంకా తెమ్మని అడగను. కాకపోతే ఖాళీ చేసేటప్పుడు చాలామంది "మూడు నెలల అడ్వాన్సు ఉందిగా, చివరి మూడు నెలలూ అందులో పట్టుకోండి" అంటారు. 2031లో అద్దె 14,580 ఉంటుంది, మూడు నెలలకి 43,740, అంటే ఇంకా 7,740 మీరే ఇవ్వాలి. అందుకని మన కాగితంలో చివరి నెల దాకా అద్దె కట్టడం, తాళాలిచ్చిన రోజు అడ్వాన్సు 36,000 చేతికివ్వడం అని రాయించాను.

పట్టీ కాపీ రేపు పంపుతాను. మీ బావగారికీ చూపించండి, ఏదైనా అంకె తేడా అనిపిస్తే స్టాంపు కాగితాలు కొనక ముందే ఫోన్ చేయండి.