టాపెట్ సౌండ్ పోయింది, బండి మాత్రం వేడెక్కగానే ఆగిపోతోంది: వాల్వ్ గ్యాప్ చూసుకునే పద్ధతి

ఇంజన్ పైనుంచి టిక్ టిక్ అని వినబడితే చాలు, మన దగ్గర చాలామంది బండిని షెడ్డుకు తీసుకుపోయి "టాపెట్ కొంచెం టైట్ చెయ్యి" అంటారు. సౌండ్ తగ్గుతుంది, అందరికీ సంతోషం. కానీ సింగిల్ సిలిండర్ ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజన్‌లో కాస్త చప్పుడు చేసే వాల్వ్ కన్నా, చప్పుడే లేకుండా బిగుసుకుపోయిన వాల్వే ఎక్కువ నష్టం చేస్తుంది. అందుకే ముందు బిగుతు సంగతి చూద్దాం. వదులు సంగతి తర్వాత.

లక్షణం: చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది, వేడెక్కాక ఐడిలింగ్ నిలవదు

దేవరకొండ రోడ్డు మీది ఒక ఊరి నుంచి రోజూ నల్లగొండకు పాలు తెచ్చే తమ్ముడి 100 సీసీ బండి కేసు ఇది. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్ట్ అయ్యేది. పట్టణంలోకి వచ్చి గడియారం సెంటర్ దగ్గర యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోయేది. ఆగాక కిక్కు కొడితే కాలికి బరువే తెలియదు, కంప్రెషన్ లేనట్టు జారిపోతుంది. అరగంట నీడలో పెడితే మళ్లీ మామూలే. అప్పటికే కార్బొరేటర్ కడిగించాడు, ప్లగ్ మార్పించాడు.

వేడికీ కంప్రెషన్‌కూ ఇలా ముడి కనిపిస్తే నేను మొదట అడిగేది ఒకటే: "ఈ మధ్య టాపెట్ ఎవరైనా ముట్టుకున్నారా?"

"సౌండ్ వస్తోందని పోయిన నెల టైట్ చేయించిన అన్నా. అప్పటి నుంచి ఇంజన్ మస్తు సైలెంట్ ఉంది" అన్నాడు.

కారణం ఇలా ఉంటుంది. రాకర్ ఆర్మ్ చివర ఉండే స్క్రూకూ వాల్వ్ కాడ చివరకూ మధ్య వెంట్రుక మందమంత ఖాళీ ఉండాలి. ఎగ్జాస్ట్ వాల్వ్ చుట్టూ మండిన వాయువులే పోతుంటాయి కాబట్టి అది బాగా కాగుతుంది, కాడ పొడుగవుతుంది. ఆ పెరిగే పొడవుకు చోటు కావాలనే ఆ ఖాళీ వదులుతారు. టాపెట్ టైట్ చేయడమంటే ఆ స్క్రూ బిగించి ఈ ఖాళీని తగ్గించడమే. ఖాళీ చాలకపోతే రాకర్ వాల్వ్‌ను పూర్తిగా మూసుకోనివ్వదు. మండే సమయంలో వాయువులు ఆ సందులోంచి సైలెన్సర్‌లోకి కారిపోతాయి. వాల్వ్ తన వేడిని ఎక్కువగా వదిలించుకునేది సీటుకు ఆనుకుని ఉన్నప్పుడే. ఆ ఆనుకోవడమే సరిగ్గా లేకపోతే ఇంకా కాగుతుంది, ఇంకా పొడుగవుతుంది. ఇలాగే నడిపితే చివరకు వాల్వ్ అంచు కాలిపోయి ఒక పక్క చెక్కుడు పడుతుంది. అప్పుడిక గ్యాప్ సరిచేసినా లాభం లేదు, హెడ్ విప్పాల్సిందే.

ఇన్‌టేక్ వైపు బిగుసుకుంటే వెనక్కి కార్బొరేటర్‌లోకి టప్పుమని కొడుతుంది. సైలెన్సర్‌లో టపటపలకు మాత్రం టాపెట్‌నే అనుమానించొద్దు. సైలెన్సర్ గాస్కెట్ లీకైనా, పెట్రోల్ తక్కువ కలిసినా అదే చప్పుడు వస్తుంది. టపటపతో పాటు వేడిలో కిక్కు కూడా తేలికైతేనే గ్యాప్ వైపు చూడాలి.

చూడడం ఎలా

మొదటి షరతు, ఇంజన్ పూర్తిగా చల్లబడాలి. చాలా మాన్యువళ్లు 35 డిగ్రీల లోపు అంటాయి. మే నెలలో నల్లగొండలోనో మిర్యాలగూడలోనో మధ్యాహ్నం 43, 44 డిగ్రీల ఎండలో, స్టార్ట్ చేయని ఇంజన్ కూడా ఆ లెక్కకు చల్లగా ఉన్నట్టు కాదు. రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున ఎండ పడకముందే ఈ పని చేసుకోవాలి. సర్వీసుకు ఇచ్చిన బండికి, ఇచ్చిన అరగంటలోనే "టాపెట్ సెట్ చేసినం" అని చెప్పారంటే ఆ కొలతను నమ్మను.

గ్యాప్ ఎంత ఉండాలో మీ బండి మాన్యువల్ చెప్పాలి. మన 100 నుంచి 150 సీసీ బళ్లలో ఎక్కువగా 0.05 నుంచి 0.15 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, కొన్నింటిలో ఎగ్జాస్ట్‌కు ఇన్‌టేక్ కన్నా ఎక్కువ ఇస్తారు. పాలబండి మాన్యువల్‌లో రెండింటికీ 0.08 అని ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త. స్పార్క్ ప్లగ్ గ్యాప్ సాధారణంగా 0.7, 0.8 మిల్లీమీటర్లు. 0.8కీ 0.08కీ మధ్య పది రెట్లు తేడా, ప్లగ్ కోసం వాడే మందపాటి రేకులు ఇక్కడ పనికిరావు. ఫీలర్ గేజ్ కొనేటప్పుడు 0.05, 0.08, 0.10 రేకులు విడివిడిగా ఉన్నాయో లేదో చూసుకోండి. చౌక సెట్లలో 0.05 తర్వాత నేరుగా 0.10 ఉంటుంది. రెండు పలుచటి రేకులు కలిపి వాడొచ్చు కానీ, మధ్యలో ఆయిల్ చేరితే కొలత తప్పుతుంది. రెండింటినీ శుభ్రంగా తుడవాలి. అంగుళాల్లో అంకెలున్న రేకైతే 0.003 అంగుళం అంటే 0.076 మిల్లీమీటర్లు.

ప్లగ్ విప్పేస్తే ఇంజన్ తిప్పడం తేలిక. ఎడమ పక్క మ్యాగ్నెట్ కవర్ మీద రెండు మూతలుంటాయి. పెద్దది విప్పి సాకెట్‌తో మ్యాగ్నెట్ బోల్టును ఇంజన్ నడిచే దిక్కులోనే తిప్పాలి, ఈ బండికి అది అపసవ్య దిశ. చిన్న మూత రంధ్రంలోంచి T గుర్తు కవర్ మీది గాటుకు ఎదురుగా రావాలి. దానికి కాస్త ముందే F గుర్తు వస్తుంది. అది ఇగ్నిషన్‌ది, దాని దగ్గర ఆగొద్దు. T దాటిపోతే వెనక్కి తిప్పకండి. టైమింగ్ చైన్‌లోని వదులు కొలతను తప్పిస్తుంది. మళ్లీ రెండు చుట్లు తిప్పి రండి.

T గుర్తు రెండు చుట్లలో రెండుసార్లు వస్తుంది, మనకు కావాల్సింది కంప్రెషన్ చివర వచ్చేది. రెండు రాకర్లూ లూజుగా ఉంటే అదే సరైన చోటు అంటారు చాలామంది. మామూలు ఇంజన్‌కు అది సరే. కానీ ఎగ్జాస్ట్ బాగా బిగుసుకున్న బండిలో సరైన చోట కూడా ఆ రాకర్ కదలదు. అది చూసి "తప్పు చుట్టు" అనుకుని ఇంకో చుట్టు తిప్పి, వాల్వ్‌లు తెరుచుకునే చోట కొలిచి మొత్తం గందరగోళం చేస్తారు. అందుకే ఇన్‌టేక్ రాకర్‌నే చూస్తూ తిప్పండి. అది వాల్వ్‌ను నొక్కి, మళ్లీ వెనక్కి వచ్చాక మొదట వచ్చే T గుర్తే మనకు కావాల్సింది.

పడుకున్నట్టుండే సిలిండర్ ఉన్న 100 సీసీ ఇంజన్లలో ఇన్‌టేక్ మూత పైన, ఎగ్జాస్ట్ మూత కింద ఉంటుంది. పైది కంటికి కనిపిస్తుంది, కొలవడం సులువు. కిందది విప్పితే కాస్త ఆయిల్ కారుతుంది, వంగి చూడాలి, రేకు తిన్నగా దూరదు. ఇన్‌టేక్ జాగ్రత్తగా కొలిచి, ఎగ్జాస్ట్‌ను చేతి అంచనాతో సరిపెట్టే అలవాటు ఇక్కడే మొదలవుతుందని నా అనుమానం. గేజ్ నిజంగా అవసరమయ్యేది కింది వాల్వ్‌కే.

రేకును స్క్రూ మొనకూ వాల్వ్ కాడకూ మధ్య దూర్చి లాగాలి. కాగితాన్ని వేళ్ల మధ్య నుంచి లాగినంత ఒరిపిడి తెలిస్తే చాలు. నమ్మకం కోసం దానికన్నా పలుచటి రేకూ, మందపాటి రేకూ కూడా పెట్టి చూస్తాను: 0.08 ఒరుసుకుంటూ వస్తే, 0.05 స్వేచ్ఛగా ఆడాలి, 0.10 దూరకూడదు. పాలబండి ఇన్‌టేక్‌లో ఇలాగే వచ్చింది. ఎగ్జాస్ట్‌లో 0.05 రేకు దూరనే లేదు, 0.03 మాత్రం బిగుతుగా పోయింది.

సరిచేయడం

లాక్ నట్‌ను స్పానర్‌తో వదులు చేసి, స్క్రూను కొంచెం వెనక్కి తిప్పి, 0.08 రేకు పెట్టి, ఒరిపిడి తెలిసేదాకా స్క్రూ బిగించాలి. ఇక స్క్రూను కదలకుండా పట్టుకుని నట్ బిగించాలి. నట్‌తో పాటు స్క్రూ ఏమాత్రం తిరిగినా గ్యాప్ మారిపోతుంది, బిగించాక మళ్లీ కొలవకపోతే ముందు కొలిచింది వృథా. తర్వాత ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పి, అదే T దగ్గర ఇంకోసారి చూడండి. మూతల ఓ-రింగులు గట్టిపడి ఉంటే మార్చేయడం మంచిది, కింది మూత నుంచి ఆయిల్ కారేది వాటివల్లే.

పాలబండి మర్నాడు మధ్యాహ్నం దాకా ఎండలో తిరిగినా ఐడిలింగ్ నిలిచింది, వేడిలో కిక్కు బరువు తిరిగి వచ్చింది. సన్నటి టిక్ టిక్ కూడా వచ్చింది, ఆ తమ్ముడికి అదే నచ్చలేదు. అది ఉండాల్సిందేనని చెప్పి పంపాను. ఐదొందల కిలోమీటర్ల తర్వాత రమ్మని చూస్తే గ్యాప్ మారలేదు. అప్పటికే మళ్లీ తగ్గి ఉంటే కథ వేరు. స్క్రూను ఎవరూ ముట్టకుండానే ఎగ్జాస్ట్ గ్యాప్ ప్రతిసారీ తగ్గుతోందంటే, వాల్వ్ సీటులోకి దిగిపోతోందని అర్థం.

గ్యాప్ సరిచేసినా కంప్రెషన్ రాకపోతే, ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి, ఇంజన్‌ను కాసేపు తిప్పి, కంప్రెషన్ గేజ్‌తో మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే తప్పు రింగులది. పెరగకపోతే వాల్వ్ సరిగా కూర్చోవడం లేదు, హెడ్ పని చేయించాలి.

లక్షణం: టిక్ టిక్ పెద్దగా ఉంది, పికప్ కొంచెం తగ్గింది

ఇది వదులు వైపు. గ్యాప్ ఎక్కువైతే వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుని త్వరగా మూసుకుంటుంది, రాకర్ ప్రతిసారీ వాల్వ్ కాడను సుత్తిలా కొడుతుంది. ముందు ఆయిల్ మట్టం చూడండి, తక్కువున్నా ఇదే చప్పుడు. టాపెట్ చప్పుడు క్రమంగా, ఇంజన్ వేగంలో సగం లెక్కన వస్తుంది. టైమింగ్ చైన్‌ది గరగరమంటుంది, యాక్సిలరేటర్ ఇచ్చి వదిలినప్పుడు మారుతుంది. సైలెన్సర్ లీకైతే హెడ్ దగ్గర నల్లటి మసి మరక కనిపిస్తుంది.

కొలిచి సెట్ చేశాక కూడా చప్పుడు పోకపోతే స్క్రూ మొననూ రాకర్ ముఖాన్నీ విప్పి చూడండి. స్క్రూ మొన మీద ఏళ్లుగా వాల్వ్ కాడ అద్దుకుని చిన్న గుంట పడుతుంది. చదునైన రేకు ఆ గుంటలోకి దిగదు, దాని అంచుల మీదే ఆగుతుంది. రేకు 0.08 చూపినా అసలు ఖాళీ అంతకన్నా ఎక్కువే. చప్పుడు పోయేదాకా ఇంకా బిగిస్తే మళ్లీ పాలబండి పరిస్థితే. స్క్రూ మార్చాలి. రాకర్ ముఖం, క్యామ్ అరిగితే అవీ మార్చాలి.

బకెట్, షిమ్ రకం ఇంజన్లలో ఈ స్క్రూ ఉండదు. కొలవడం దాదాపు ఇదే తీరు, కానీ సరిచేయాలంటే ఎక్కువ బళ్లలో క్యామ్ షాఫ్ట్ తీసి వేరే మందం షిమ్ వేయాలి. అది ఇంటి దగ్గర చేసుకునే పని కాదు, కొలిచిన అంకె రాసుకుని సర్వీస్ సెంటర్‌కు పట్టుకుపోండి.