నాలుగు ప్రతులు, నాలుగు ఊళ్లు: కొత్త పుస్తకాన్ని జాతీయ గ్రంథాలయానికి పంపే విధానం

తెలుగులో కవిత్వం, కథల పుస్తకాలు చాలామటుకు రచయితలు సొంత ఖర్చుతో వేసుకునేవే. ప్రెస్‌కి డబ్బు కట్టేదీ, కట్టలు ఇంటికి తెచ్చుకునేదీ, ‘ప్రతులకు’ అని కింద తన చిరునామా వేసుకునేదీ రచయితే. అలాంటప్పుడు చట్టం దృష్టిలో ప్రచురణకర్త కూడా ఆయనే, లేదా ఆమే. కొత్త పుస్తకం వేసిన ప్రచురణకర్త మీద ఒక బాధ్యత ఉంటుంది. అచ్చయిన పుస్తకాన్ని సొంత ఖర్చుతో నాలుగు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి చొప్పున, ప్రచురణ తేదీ నుంచి 30 రోజుల్లోపు పంపాలి. 1954లో వచ్చిన డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం చెప్పేది ఇదే. 1956 సవరణతో పత్రికలు కూడా ఇందులో చేరాయి. గ్రంథాలయాల వాళ్లు దీన్ని పొట్టిగా ‘డి.బి. యాక్ట్’ అంటారు.

ఇక్కడే ఒక చిక్కు విప్పుకోవాలి. పుస్తకం వేసేవాళ్లు మూడు పనుల్ని కలగలిపేస్తుంటారు. ఐఎస్‌బీఎన్ అనేది పుస్తకానికి గుర్తింపు సంఖ్య. అచ్చుకి ముందే isbn.gov.in లో దరఖాస్తు చేసి ఉచితంగా తీసుకోవచ్చు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ వేరు. దానికి ఢిల్లీలోని కాపీరైట్ ఆఫీసుకి రుసుము కట్టి దరఖాస్తు పెట్టాలి. అది చేయించకపోయినా రాసిన క్షణం నుంచే హక్కు రచయితదే. ఈ వ్యాసం మూడోదాని గురించి: పుస్తకాన్ని భౌతికంగా గ్రంథాలయానికి అప్పగించడం. దీనికి రుసుము లేదు, ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఐఎస్‌బీఎన్ లేని పుస్తకాన్ని కూడా పంపాల్సిందే. ఐఎస్‌బీఎన్ తీసుకున్నంత మాత్రాన పంపినట్టు కాదు.

పాత తరం ప్రెస్ యజమానులు ‘ప్రభుత్వానికి కాపీలు మేమే పంపుతాం’ అనేవారు. అది 1867 నాటి ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ బుక్స్ చట్టం కింద ముద్రాపకుడి పని. రాష్ట్ర ప్రభుత్వాలు పుస్తకాల జాబితాలు వేసిందీ దాని కిందే. ఆ చట్టం రద్దయి, 2024 మార్చి 1 నుంచి పీరియాడికల్స్‌కి మాత్రమే వర్తించే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. కాబట్టి ప్రెస్‌వాళ్లు చూసుకుంటారులే అనుకోవద్దు. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకో, వేటపాలెం సారస్వత నికేతనానికో మీరు ఇష్టంగా ఒక ప్రతి ఇస్తే సంతోషం. కానీ అది ఈ నాలుగింటికీ బదులు కాదు.

ఆ నాలుగు ఇవి:

నేషనల్ లైబ్రరీ, బెల్వెడేర్, అలీపూర్, కోల్‌కతా 700027
కన్నెమరా పబ్లిక్ లైబ్రరీ, పాంథియన్ రోడ్, ఎగ్మూరు, చెన్నై 600008
స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, టౌన్ హాల్, ఫోర్ట్, ముంబయి 400001
ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ, ఎస్.పి. ముఖర్జీ మార్గ్, ఢిల్లీ 110006

పంపే ముందు పుస్తకంలో చూసుకోవాల్సిన పేజీ ఒకటుంది. లోపలి ముఖపత్రం వెనక, ‘ప్రథమ ముద్రణ’, ‘వెల’, ‘ముఖచిత్రం’, ‘డి.టి.పి.’, ‘ముద్రణ’ అని వివరాలు వేసే పేజీ. గ్రంథాలయంలో కేటలాగు రాసే మనిషి పుస్తకమంతా చదవరు, ఈ పేజీనే చదువుతారు. మన పుస్తకాల్లో ఎక్కువ తప్పులు దొర్లేదీ ఇక్కడే. ప్రచురణ ఎవరిదో వేయకుండా ‘ప్రతులకు’ అని నాలుగు పుస్తకాల షాపుల పేర్లు వేస్తారు. అప్పుడు ప్రచురణకర్త ఎవరో తేలదు, రసీదు ఎవరి పేర రాయాలో తెలియదు. ఇంకొందరు నెలా సంవత్సరమూ వేయరు. అట్ట మీద చిత్రకారుడి చేతిరాతలో ఒక పేరు, లోపల టైపులో కాస్త తేడాగా ఇంకో పేరు ఉంటుంది. కేటలాగులో నిలిచేది సాధారణంగా లోపలి ముఖపత్రం మీది పేరే. ‘వెల: అమూల్యం’ అని వేయడం మనకో ముచ్చట. పంపకపోతే యాభై రూపాయల దాకా జరిమానాతో పాటు పుస్తకం విలువ కూడా కట్టించవచ్చని చట్టంలో ఉంది. అమూల్యమైన పుస్తకానికి ఆ లెక్క ఎలా కడతారో మరి! ఏదో ఒక అంకె వేయండి.

అదే పేజీలో పుస్తకం పేరు, రచయిత పేరు, ప్రచురణకర్త పేరు ఇంగ్లిషు అక్షరాల్లో కూడా ఒక్కో వరుస వేయించండి. కోల్‌కతాలోనో ముంబయిలోనో కవరు విప్పే గుమాస్తాకి తెలుగు రాకపోవచ్చు. ఆ వరుస లేకపోతే మీ పుస్తకం తెలుగు చదివే మనిషి దొరికేదాకా పక్కన కూర్చుంటుంది. ఇంటిపేరు పొట్టి అక్షరంగా మిగిలిపోకుండా ఒకచోటైనా పూర్తిగా ఉండాలి. లేకపోతే ఒకే పొట్టి అక్షరాలున్న ఇద్దరు రచయితల పుస్తకాలు కేటలాగులో ఒకరి ఖాతాలో పడతాయి.

ఇక పంపడం. ఊహకి ఒక పుస్తకం తీసుకుందాం: ‘చెరువు మీద ఎండ’ అనే కవితల సంపుటి, డెమీ 1/8 సైజు, 112 పేజీలు, వెల 150 రూపాయలు. 280 ప్రతులు 70 జీఎస్‌ఎం మాప్‌లిథో మీద పేపర్‌బ్యాక్. మిత్రులకని మరో 20 మంచి కాగితం మీద గట్టి అట్టతో. విజయవాడ ప్రెస్ నుంచి ఫిబ్రవరి 3న కట్టలు ఇంటికొచ్చాయి, ఆ రోజే అమ్మకం కూడా మొదలైంది. ఆవిష్కరణ సభ ఉగాదికి పెట్టుకున్నారు.

మొదటి పొరపాటు సభ కోసం ఆగడం. సభకీ చట్టానికీ సంబంధం లేదు. పుస్తకం అమ్మకానికి వచ్చి, లోపల ‘ఫిబ్రవరి’ అని అచ్చయి ఉంటే లెక్క అక్కణ్నుంచే. 30 రోజులంటే మార్చి 5. ఉగాది సందడి సర్దుమణిగాక పంపిస్తే గడువు దాటినట్టే. కట్టలు విప్పిన రోజే నాలుగు ప్రతులు పక్కన పెట్టేయడం సులువైన పద్ధతి.

ఏ ప్రతి ఎక్కడికి వెళ్లాలో కూడా చట్టం చెప్పింది. కోల్‌కతాకి వెళ్లే ప్రతి ఉన్నవాటిలో మేలైనదై ఉండాలి. మంచి కాగితం మీద అచ్చయిందీ, బైండింగ్ లేదా కుట్టు పూర్తయిందీ, బొమ్మలు, పటాలు అన్నీ ఉన్నదీ. మిగతా మూడింటికీ ఎక్కువ ప్రతులు ఏ కాగితం మీద అచ్చయ్యాయో అలాంటిది, అమ్మకానికి ఉంచిన రూపంలోనే వెళ్లాలి. అంటే మన ఉదాహరణలో గట్టి అట్ట ప్రతి కోల్‌కతాకి, పేపర్‌బ్యాక్‌లు చెన్నై, ముంబయి, ఢిల్లీలకి. చాలామంది దీనికి తలకిందులుగా, ఫారం తిరగబడిందో అట్ట నలిగిందో అమ్ముడుపోని ప్రతి ఏరి మరీ పంపుతారు. పంపే ముందు ఒక్కసారి పేజీలన్నీ తిప్పి చూడండి. పదహారు పేజీల ఫారం ఒకటి రెండుసార్లు పడి, ఇంకోటి గల్లంతయిన ప్రతి గ్రంథాలయంలోకి వెళ్తే శాశ్వతంగా అలాగే ఉండిపోతుంది.

ప్రతి పుస్తకంతో పాటు ఒక ఉత్తరం, వీలైతే ఇంగ్లిషులో. పుస్తకం పేరు, భాష, రచయిత, ప్రచురణకర్త పేరు చిరునామా, ముద్రించిన ప్రెస్, ప్రచురణ తేదీ, ఎన్నో ముద్రణ, పేజీలు, సైజు, వెల, ఐఎస్‌బీఎన్ ఉంటే అది. చివర్న ‘1954 చట్టం కింద పంపుతున్నాం, రసీదు ఇవ్వగలరు’ అని ఒక వాక్యం. ఆ వాక్యం లేకపోతే మీ పుస్తకాన్ని విరాళంగానో, కొనమని పంపిన నమూనాగానో లెక్కేసే ప్రమాదం ఉంది. కవరు మీద కూడా D.B. Act అని పెద్దగా రాయండి. లోపల పుస్తకం మీద ‘అభిమానంతో’ అని సంతకం చేయకండి, అదీ విరాళంలాగే కనబడుతుంది.

పోస్టాఫీసులో ట్రాకింగ్ నంబరు వచ్చే సేవే ఎంచుకోండి. పుస్తకాలకోసం 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ ఉంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. మన పేపర్‌బ్యాక్ కవరుతో కలిపి రెండొందల గ్రాముల లోపే తూగుతుంది కాబట్టి ఆ ధరలో పడుతుంది. గట్టి అట్టది 300 దాటొచ్చు, తూకం వేయించి కట్టండి. అట్ట మూలలు నలగకుండా లోపల ఒక దళసరి అట్టముక్క పెట్టడం మరవద్దు. నాలుగు పోస్టల్ రసీదులూ ఫొటో తీసి, ఉత్తరాల నకళ్లతో ఒకచోట దాచండి. పుస్తకం అందుకున్న గ్రంథాలయం రాతపూర్వకంగా రసీదు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అయినా అది ఆలస్యమైతే మీ చేతిలో ఉండేది ఈ పోస్టల్ కాగితమే.

రెండో ముద్రణ సంగతి. మొదటిసారి ప్రతులు పంపి ఉండి, అక్షరం మారకుండా మళ్లీ వేస్తే మళ్లీ పంపనక్కర్లేదు. కానీ మన పుస్తకాల్లో మలి ముద్రణ అంటే కొత్త ముందుమాటో, వెనక నాలుగు పేజీల పాఠకుల అభిప్రాయాలో చేరకుండా ఉండవు. చేర్పు జరిగితే మళ్లీ నాలుగు ప్రతులు పంపాల్సిందే. ఈ-బుక్ ప్రస్తావన చట్టంలో లేదు. అమెరికాలో ఉంటున్న రచయిత హైదరాబాద్ చిరునామాతో ఇక్కడ ప్రచురిస్తే అది ఇక్కడి పుస్తకమే, పంపాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, జరిమానా భయం వల్ల మాత్రం కాదు. కేంద్ర ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు తీసుకోదు. అసలు కారణం ప్రతుల లెక్కలో ఉంది. మూడొందలు వేస్తే సభలో వంద, సమీక్షలకి పాతిక, బంధుమిత్రులకి మరో వంద పోతాయి. పదిహేనేళ్లయ్యాక ఒక ప్రతి కావాలంటే రచయిత ఇంట్లోనే దొరకదు. అప్పుడు పరిశోధక విద్యార్థికి దారి చూపేది గ్రంథాలయ ప్రతే. పైగా బెల్వెడేర్ ఆవరణలోనే ఉన్న సెంట్రల్ రిఫరెన్స్ లైబ్రరీ ఈ చట్టం కింద వచ్చిన పుస్తకాల ఆధారంగానే ఇండియన్ నేషనల్ బిబ్లియోగ్రఫీ తయారుచేస్తుంది. పంపని పుస్తకానికి ఆ జాబితాలో చోటు దొరకడం కష్టం. పాఠ్యపుస్తకాల గైడ్ల వంటివి మాత్రం పంపినా అందులో చేర్చరు.

ఒక ఆశ మాత్రం పెట్టుకోకండి. ఇక్కడ పంపితే గ్రంథాలయాలు పుస్తకాన్ని కొంటాయని కాదు. రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ కొనుగోళ్లయినా, మన జిల్లా గ్రంథాలయ సంస్థల కొనుగోళ్లయినా వాటి దరఖాస్తు దారి వేరు. ఈ రసీదు కాపీరైట్ పత్రమూ కాదు. ఫలానా తేదీకి ఈ పుస్తకం అచ్చయి ఉందని చూపడానికి పనికొస్తుంది, అంతవరకే.

కొన్ని నెలలయ్యాక నేషనల్ లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగులో వెతికి చూడండి. మొదటిసారే దొరక్కపోతే కంగారు పడొద్దు. మనం Cheruvu Meeda Enda అని టైపు చేస్తాం. గ్రంథాలయాల పద్ధతిలో చ అంటే c, దీర్ఘానికి అక్షరం మీద గీత, కాబట్టి అక్కడ Ceruvu mīda eṇḍa అని ఉండొచ్చు. గీతలు, చుక్కలు వదిలేసి Ceruvu mida enda అని కొట్టండి. అదీ రాకపోతే తెలుగులో, ఆ తర్వాత రచయిత ఇంటిపేరుతో వెతకండి. అప్పటికీ కనబడకపోతే పోస్టల్ రసీదు నకలు జతచేసి, ట్రాకింగ్ నంబరు, అందిన తేదీ రాసి గ్రంథాలయానికి ఒక ఉత్తరం పెట్టండి. దాని మీద కూడా D.B. Act అనే రాయండి.