మిక్సీ కొనేముందు ఒక చీటీ

ఆన్‌లైన్‌లో ధర తక్కువే, కానీ వస్తువు పాడైతే ఫోనులో ఫిర్యాదు పెట్టి వెనక్కి పంపడం అమ్మకు తెలియదు. అందుకే మిక్సీ మోడల్ నంబరు, 750 వాట్లు, 3 జార్లు, డెలివరీ ఖర్చుతో కలిపి 3,240 రూపాయలు అని చీటీ మీద రాసిచ్చాను. వీధి చివరి దుకాణంలో అది చూపించి, "ఇదే మోడల్ ఎంతకిస్తారండీ?" అని అడిగింది. 3,700 అన్నాయన 3,450కి దిగారు. తేడా 210 రూపాయలే. పదో వంతులోపు తేడా అయితే నేను దుకాణానికే ఓటు వేస్తాను. అక్కడే ప్లగ్గు పెట్టి, మూడు జార్లూ తిప్పి చూపించారు. బిల్లుతోపాటు ముద్ర వేసిన వారంటీ కార్డూ ఇచ్చారు.

మోడల్ నంబరులో ఒక్క అక్షరం మారినా ఈ పోలిక చెల్లదు. అదే కంపెనీది 500 వాట్ల మిక్సీ చేతిలో పెట్టవచ్చు. బిల్లు ఇవ్వనంటే అక్కడ కొనకండి.