ఫొటోలో వచ్చిన లెక్క మొదలుపెట్టే ముందు

పరీక్షలు దగ్గర పడ్డాయంటే గాజువాకలో మా ట్యూషన్ పిల్లల నుంచి రాత్రి పదింటికి కూడా వాట్సాప్‌లో లెక్కల ఫొటోలు వస్తూనే ఉంటాయి. సరళరేఖ, వృత్తం ఖండించుకునే బిందువులు కనుక్కునే లెక్కలో మార్కులు ఎక్కువగా పోయేది ఫొటో చదివే దగ్గరే. మొన్నటిది చూడండి:

```
x² + y² = 25
y = x − 1
```

కాగితం మడత నిలువుగా మైనస్ మీద నుంచి పోయింది. ఒకమ్మాయి దాన్ని ప్లస్ అనుకుని చేసింది. (3, 4), (−4, −3) వచ్చాయి. చక్కటి పూర్ణాంకాలు, తను రాసుకున్న రెండు సమీకరణాల్లోనూ సరిపోయాయి. "వచ్చేసింది సార్" అని మెసేజ్ పెట్టింది. పాపం, తప్పుగా చదివిన సమీకరణంలోనే సరిచూసుకుంటే సరిపోక ఏం చేస్తుంది? అందుకే లెక్క మొదలెట్టక ముందే ఫొటో పెద్దది చేసి ఒక్కో గుర్తూ పైకి చదవండి. అనుమానంగా ఉంటే పంపినవాళ్లని టైప్ చేసి పెట్టమనండి.

y మీది చిన్న 2 మసకబారినా ప్రమాదమే, వృత్తం కాస్తా పరావలయం అయిపోతుంది. ఇదే లెక్కలో 2 పోతే x² + x − 26 = 0 వస్తుంది. విచక్షణి 105, వర్గసంఖ్య కాదు. ఇలా వికారమైన మూలాలు వస్తే ముందు ఫొటోని అనుమానించండి. లెక్క నిజంగానే అలా ఇచ్చి ఉండొచ్చు కూడా, కానీ ఒకసారి చూడటానికి అర నిమిషం చాలు.

ఇప్పుడు సరైన లెక్క. రేఖ నుంచి y తీసుకుని వృత్తంలో పెట్టాలి. (x − 1)² విప్పేటప్పుడు మధ్యలోని −2x మింగేయకండి.

```
x² + (x − 1)² = 25
2x² − 2x − 24 = 0
x² − x − 12 = 0
x = 4, x = −3
```

ఇక్కడే రెండో గొయ్యి ఉంది. x = 4 ని మళ్లీ వృత్తంలో పెడితే y = ±3 వస్తుంది. చాలామంది (4, −3) కూడా రాసేస్తారు. ఆ బిందువు వృత్తం మీదే ఉంది, రేఖ మీద మాత్రం లేదు, ఎందుకంటే 4 − 1 = 3. కాబట్టి y ఎప్పుడూ రేఖ సమీకరణం నుంచే తీయండి. జవాబు (4, 3), (−3, −4).

పరావలయానికీ ఇదే పద్ధతి. y² = 4x, y = x + 1 ఇస్తే (x − 1)² = 0 వస్తుంది. x = 1, y = 2, ఒక్కటే బిందువు, రేఖ అక్కడ స్పర్శరేఖ. రెండో జవాబు రాలేదని టెన్షన్ పడి (1, −2) చేర్చకండి. అదే ప్లస్ మీద నిలువు గీత ఫొటోలో పడకపోతే y = x − 1 అవుతుంది, అప్పుడు x² − 6x + 1 = 0, రెండు బిందువులు.